ఆడని రెండు మ్యాచులు

నేను సిద్దిపేటలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్తాను. ఇరవై ఏళ్లుగా పాయిజాన్ పంపిణీ పాఠానికి ఒకటే ఉదాహరణ వాడాను: పుస్తకంలో పేజీకి సగటున ఇన్ని అచ్చుతప్పులుంటే, ఒక పేజీలో ఒక్క తప్పూ లేకుండా ఉండే అవకాశం ఎంత? ఆ ప్రశ్న వినగానే పిల్లల కళ్లు మూతలు పడేవి. నాకు కోపం వచ్చేది. నా కోపం సంగతి కాలేజీలో అందరికీ తెలుసు. చాక్‌పీసు విరిచి బల్ల మీద కొట్టి, మీకు చెప్పేకంటే గోడకు చెప్పుకోవడం నయం అనేవాణ్ణి.

ఆ ఏడు మా ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు కాలేజీల లీగ్ పోటీల్లో ఆడుతోంది. అచ్చుతప్పుల బదులు గోల్స్ పెడితే ఎట్లా ఉంటుందని ఒకరోజు తోచింది. గోల్ కూడా అరుదుగా పడేదే. ఎప్పుడు పడుతుందో చెప్పలేం, కానీ మ్యాచుకు సగటున ఎన్నో చెప్పగలం. బోర్డు మీద రాశాను: సగటు ఒకటి అనుకోండి. ఒక్క గోలూ పడని అవకాశం, ఇ అనే సంఖ్యకు మైనస్ సగటు ఘాతం. టేబుల్‌లో చూస్తే 0.368. దాన్ని సగటుతో గుణించి ఒకటితో భాగిస్తే ఒక గోలు పడే అవకాశం, మళ్లీ సగటుతో గుణించి రెండుతో భాగిస్తే రెండు గోల్స్‌ది, ఇంకోసారి గుణించి మూడుతో భాగిస్తే మూడింటిది. సగటు సరిగ్గా ఒకటైతే సున్నాకూ ఒకటికీ ఒకే అవకాశం వస్తుంది. రెండు జట్లకూ ఇట్లాగే కట్టి, ఒకరి గోల్స్‌కూ మరొకరి గోల్స్‌కూ సంబంధం లేదనుకుని గుణిస్తే ప్రతి స్కోరుకూ ఒక అవకాశం దొరుకుతుంది. ఇరవై ఏళ్లలో మొదటిసారి క్లాసులో ఒక్కరూ ఆవలించలేదు. నా ఛాతీ ఎంత ఉబ్బిందో ఏం చెప్పను!

ఆ క్లాసులో మూడో బెంచీలో కూర్చునే అమ్మాయి ఆ జట్టులో గోల్‌కీపర్. దౌల్తాబాద్ నుంచి పొద్దున మొదటి బస్సుకు వచ్చేది, బ్యాగులో లెక్కల పుస్తకంతో పాటు గ్లవ్స్ కూడా ఉండేవి. ఫైనలియర్. జట్టులో ఇంకో కీపర్ కూడా ఉండేది, సెకండియర్ అమ్మాయి. మా ఫిజికల్ డైరెక్టర్ మేడం ఇద్దరికీ మార్చి మార్చి అవకాశం ఇచ్చేది. ఇద్దరూ చెరి నాలుగు మ్యాచులు ఆడారు.

ఆఖరి మ్యాచు ఒకటి మిగిలింది. ఓడకుంటే చాలు, కప్పు మాదే. అంతకంటే పెద్ద సంగతి, ఆ రోజు యూనివర్సిటీ జట్టుకు పిల్లల్ని ఎంచుకునేవాళ్లు మైదానానికి వస్తున్నారు. అంతకు ముందు ఏ మ్యాచుకూ రాలేదు. యూనివర్సిటీ జట్టులో ఆడిన సర్టిఫికెట్ ఉంటే వ్యాయామ విద్య కోర్సులో స్పోర్ట్స్ కోటా సీటు దొరుకుతుంది. ఫైనలియర్ అమ్మాయికి ఆ సీటే కావాలి, మేడం లాగా పిల్లలకు ఆట నేర్పాలి. సెకండియర్ అమ్మాయికి ఇంకో ఏడాది ఉంది. ఈ అమ్మాయికి ఈ ఒక్క మ్యాచే.

మేడం ఎవరిని దింపాలో తేల్చుకోలేక కాదు నా దగ్గరికి వచ్చింది. ఫైనలియర్ అమ్మాయిని దింపుదామని అప్పటికే అనుకుంది. ఎత్తు బంతికి ముందుకొచ్చి పట్టే ధైర్యం ఆమెకే ఉందని చెప్పింది. స్కోర్ల రిజిస్టర్ నా బల్ల మీద పెట్టి, క్లాసులో మీరు చెప్పేది పిల్లలు గ్రౌండులో చెప్పుకుంటున్నారు, ఈ మ్యాచు ఎట్లా ఉంటుందో మీ లెక్కలో చూసి చెప్పండని సరదాగా అడిగింది. సరదాగా అడిగినదాన్ని తీర్పు చేసింది నేనే.

రిజిస్టర్‌లో పది మ్యాచులున్నాయి. మనం వేసినవి, మన మీద పడినవి, ఆ రోజు కీపర్ ఎవరు, చివర రిమార్కులు. నేను కంప్యూటర్లో మొదటి మూడు గడులు ఎక్కించాను. రిమార్కుల గడి ఎక్కించలేదు. రిమార్కులతో లెక్కకు ఏం పని? నాలుగు నిమిషాల్లో సగటులు వచ్చాయి. మేం వేసినవి పది మ్యాచుల్లో పద్దెనిమిది, అంటే 1.8. సెకండియర్ అమ్మాయి గోల్‌లో ఉన్నవి ఆరు మ్యాచులు, ఆమె మీద పడినవి ఆరు, సగటు ఒకటి. ఫైనలియర్ అమ్మాయి ఉన్నవి నాలుగు, పడినవి ఐదు, సగటు 1.25.

ఇద్దరూ చెరి నాలుగు మ్యాచులే ఆడారని నాకు తెలుసు. కంప్యూటర్ ఆరు అని చూపిస్తే ఎందుకు ఆరు అని ఒక్క క్షణం ఆగలేదు. ఆగి ఉంటే ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు.

హుస్నాబాద్ వైపు నుంచి వచ్చే ఎదుటి జట్టు అన్నింటా సగటు జట్టు. వాళ్లు వేసేదీ ఒకటిన్నర, వాళ్ల మీద పడేదీ ఒకటిన్నర, లీగ్ మొత్తం సగటూ ఒకటిన్నరే. మన సగటును వాళ్ల సగటుతో గుణించి లీగ్ సగటుతో భాగిస్తే, రెండు ఒకటిన్నరలూ కొట్టేసుకుపోతాయి, మన అంకెలే మిగులుతాయి. సెకండియర్ అమ్మాయి గోల్‌లో ఉంటే మాకు 1.8, వాళ్లకు 1. గెలుపు యాభై ఆరు శాతం, డ్రా ఇరవై మూడు, ఓటమి ఇరవై ఒకటి. ఫైనలియర్ అమ్మాయి ఉంటే ఓటమి ఇరవై ఏడు. సెకండియర్ అమ్మాయి ఉన్న లెక్కలో అన్నిటికంటే ఎక్కువ అవకాశమున్న స్కోర్లు 1-0, 1-1, ఒక్కోదానికి పదకొండు శాతం. రంగుల గళ్లతో ప్రింటు తీసి మేడం చేతిలో పెట్టాను. ఒక కాపీ నోటీసు బోర్డు మీద కూడా అంటించాను. ఎవరూ అంటించమనలేదు.

మేడం ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. ఎత్తు బంతి గురించి మళ్లీ ఏదో అనబోయింది. కళ్లు మోసం చేస్తాయి మేడం, అంకెలు చేయవని నేను నవ్వుతూ చెప్పాను. సరే సార్, మీరు చెప్తే మరి అంతేనని వెళ్లింది. సాయంత్రానికి జట్టు పేర్లు బోర్డు మీదికొచ్చాయి. గోల్‌కీపర్: సెకండియర్ అమ్మాయి.

మ్యాచుకు ముందు రోజు మధ్యాహ్నం, ల్యాబులో నేనూ ఇంకో ఇద్దరు లెక్చరర్లూ కూర్చుని ఉన్నాం. వాళ్లిద్దరూ నోటీసు బోర్డు కాగితాన్ని మెచ్చుకుంటున్నారు. నేను వద్దు వద్దంటూ వింటున్నాను. ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి లోపలికి రావచ్చా అని అడిగింది. చేతిలో నోటుబుక్కు. నా ముందు పెట్టి ఒక పేజీ తెరిచింది.

"సార్, పది మ్యాచుల్ల రెండు మేము ఆడనే లేదు. వాకోవర్లు."

అప్పుడు గుర్తొచ్చింది. అవి పత్తి ఏరే రోజులు. రెండు కాలేజీల జట్లకు పదకొండు మంది పిల్లలు కుదరలేదు, కూలికి పోయారు. నిబంధన ప్రకారం రానివాళ్లు 3-0తో ఓడినట్టు రాస్తారు. ఆ రెండు రోజులూ ఇచ్చిన జట్టు పేర్లలో సెకండియర్ అమ్మాయి పేరుంది. ఎవరూ బంతి తన్నని రెండు మ్యాచుల్లో ఆమె మీద ఒక్క గోలూ పడలేదని నేను లెక్క కట్టాను! ఎవరూ వేయని ఆరు గోల్స్ మా జట్టు ఖాతాలో వేశాను. ఇదంతా రిమార్కుల గడిలో మేడం గుండ్రటి చేతిరాతతో ఉంది.

ఆ పేజీలో అమ్మాయి సరిచేసిన లెక్క ఉంది. మేం వేసినవి ఎనిమిది మ్యాచుల్లో పన్నెండు, సగటు 1.5. సెకండియర్ అమ్మాయి మీద నాలుగు మ్యాచుల్లో ఆరు, 1.5. తన మీద నాలుగింట్లో ఐదు, 1.25. నా లెక్క తలకిందులైంది. సెకండియర్ అమ్మాయి గోల్‌లో ఉంటే గెలుపూ ఓటమీ సమానం, చెరి ముప్పై ఎనిమిది. ఈ అమ్మాయి ఉంటే గెలుపు నలభై మూడు, ఓటమి ముప్పై రెండు. చూసిన మరుక్షణం నాకు అర్థమైంది. ఇరవై ఏళ్లు పాఠం చెప్పినవాడికి అర్థం కాకపోవడానికి అందులో ఏముంది?

ఆ అమ్మాయి ఇంకో మాట కూడా చెప్పింది.

"నేను మంచిగ ఆడ్తనని చెప్తలేను సార్. నాలుగు మ్యాచులల్ల ఒక్క గోలు తేడా అంటే తేడానే కాదు. ఇద్దరం ఒక్కతీరే అని లెక్క చెప్తుంది. లెక్క పక్కకు వెట్టి మేడమే చూసి చెప్పాలె."

అంతకంటే సరైన మాట ఆ గదిలో ఎవరూ అనలేదు. అదే మాట పరీక్షలో రాస్తే పక్కన టిక్కు పెట్టి శభాష్ అని రాసేవాణ్ణి. కానీ ఇద్దరు లెక్చరర్లు నా మొహం చూస్తున్నారు. నోటీసు బోర్డు మీద నా కాగితం ఉంది, కింద నా సంతకం ఉంది. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను:

"నీకు ఆడాలని ఉన్నది గదా, అందుకే లెక్క గట్ల కనబడ్తుంది."

లెక్చరర్లలో ఒకాయన నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు, ఏడవలేదు. నోటుబుక్కు మూసి, సరే సార్ అని వెళ్లిపోయింది. మేడం గది మెట్లు దిగితే పక్కనే. ఆ సాయంత్రం నాలుగింటి దాకా నేను కాలేజీలోనే ఉన్నాను. వెళ్లి, మేడం, లెక్క తప్పు, మీరు మొదట అనుకున్నట్టే చేయండి అంటే రెండు నిమిషాల పని. వెళ్లలేదు. బండి తీసి ఇంటికి పోయాను. దారిలో నాకు నేనే సర్ది చెప్పుకున్నాను: ఇద్దరూ ఒకటే అయినప్పుడు ఎవరు ఆడితే ఏంది? ఛీ, ఆ అమ్మాయి నిజాయితీగా చెప్పిన మాటనే ఆమె మీదికి తిప్పి వాడుకున్నాను.

మరుసటి రోజు మ్యాచు మేం 1-0తో గెలిచాం.

అవును, నేను ఎక్కువ అవకాశం ఉందని రాసిన స్కోరే. రెండో సగంలో ఒక కార్నర్ నుంచి గోలు పడింది. సెకండియర్ అమ్మాయి బాగానే ఆడింది, ఆమెను అనడానికేం లేదు. ఈల మోగగానే స్టాండులో ఉన్న మావాళ్లంతా నా వైపు తిరిగారు. ప్రిన్సిపాల్ నా భుజం తట్టి, సార్ లెక్కంటే లెక్కే అన్నాడు. ఎవరో నాకు స్వీటు తినిపించారు. పదకొండు శాతం అని రాసినదాని అర్థం నూటికి ఎనభై తొమ్మిది సార్లు అది రాదని. ఒక్కసారి వచ్చినంత మాత్రాన లెక్క నిజమైనట్టు కాదు. సరైన లెక్కలో అదే స్కోరుకు ఏడున్నర శాతం ఉంది, అది కూడా వచ్చినట్టే కదా. ఈ సంగతి అక్కడ తెలిసింది ఇద్దరికే. ఒకణ్ణి నేను, నోట్లో స్వీటుంది. రెండో మనిషి రిజర్వు బెంచీ మీద గ్లవ్స్ ఒళ్లో పెట్టుకుని చప్పట్లు కొడుతోంది. అందరికంటే గట్టిగా కొడుతోంది. ఆమె నా వైపు చూస్తుందేమోనని నేను స్వీటు డబ్బా వైపు తిరిగాను.

వారానికి యూనివర్సిటీ జట్టు పేర్లు వచ్చాయి. కీపర్లలో మా సెకండియర్ అమ్మాయి ఉంది. ఆడినవాళ్లనే కదా చూస్తారు.

నెలన్నరకు ఫైనలియర్ పిల్లల ప్రాజెక్టు రికార్డులు నా దగ్గరికి వచ్చాయి. ఆ అమ్మాయి ప్రాజెక్టు అట్ట మీద పేరు చూసి నా చెయ్యి ఆగింది: కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచుల్లో గోల్స్‌కు పాయిజాన్ నమూనా. వాకోవర్లు ఎందుకు తీసేయాలో ఒక పేజీ. జరగని మ్యాచులో సున్నా అంటే గోలు పడలేదని కాదు, కొలతే లేదని అని రాసింది. చివరి పేజీలో, ఇద్దరు కీపర్ల మధ్య తేడా ఉందని చెప్పడానికి ఈ మ్యాచులు చాలవు అని ముగించింది. నోటీసు బోర్డు కాగితం గురించి ఒక్క ముక్క లేదు. కృతజ్ఞతల పేజీలో ఈ పద్ధతి నేర్పిన సార్‌కు అని రాసింది.

ఆ రికార్డు పట్టుకుని గ్రౌండుకు పోయాను. మేడం సున్నం పొడితో గీతలు వేయిస్తోంది. జరిగింది చెప్పాను, ముందు రోజే తెలిసిందని కూడా చెప్పాను. మేడం గీతల వైపే చూస్తూ విన్నది.

"వాకోవరని నేనే రాసిన గద సార్. మీరు సూసే ఉంటరనుకున్న. మీ కాయితం మీద నమ్మకంతోని నా కండ్లను నేను నమ్మలె."

తిట్టినా బాగుండేది. పేర్లు వెళ్లిపోయాయి సార్, ఇప్పుడు చేసేదేం లేదని చెప్పి, ఆ అమ్మాయికి మీరే చెప్పండని నన్ను పంపింది. అదే నేను చేయలేదు. క్లాసులో మూడో బెంచీ వైపు చూడకుండా రెండు వారాలు పాఠం చెప్పాను. చెప్పాల్సిన మాటకు బదులు, ఆ ప్రాజెక్టుకు యాభైకి యాభై వేశాను. సరిగ్గా చదవను కూడా లేదు. చదివితే ప్రతి పేజీలో నా మొహమే కనిపిస్తుంది. నా తప్పుకు ఆమె మార్కుల కాగితం మీద జరిమానా కట్టేసి చేతులు దులుపుకుందామనుకున్నాను.

రికార్డులు తిరిగిచ్చిన మర్నాడు ఆ అమ్మాయి ల్యాబుకు వచ్చింది. ఆ రోజు నేను ఒక్కణ్ణే ఉన్నాను. అదే బల్ల మీద, అదే చోట రికార్డు పెట్టి తొమ్మిదో పేజీ తెరిచింది.

"సార్, గీడ తప్పున్నది. మీరు యాభై ఏసిన్రు."

చూశాను. టేబుల్ నుంచి అంకె ఎత్తి రాసేటప్పుడు పొరపాటు పడింది. సగటు 1.25 అయినప్పుడు ఒక్క గోలూ పడని అవకాశం 0.2865 అని ఉండాలి. ఆరు, ఎనిమిది తారుమారై 0.2685 అని రాసింది. కింద అదే అంకెతో లెక్క సాగింది. ఎవరి సగటు అది? ఆమెదే. ఒక్క గోలూ ఇవ్వకుండా ఆడే అవకాశం తనకు నూటికి ఇరవై తొమ్మిది ఉంటే, ఇరవై ఏడని రాసుకుంది. తన పొరపాటుతో తననే తగ్గించుకుంది.

దీనితో ముగింపు మారదు కదమ్మా, పోనీ అన్నాను.

"మారకపోయినా తప్పు తప్పే గద సార్. చూసినంక ఎట్ల ఊకుంట?"

ఆమె నన్ను పొడవడానికి అనలేదు. ఆ గొంతులో ఏ మెలికా లేదు. అదే ఎక్కువ బాధ. ఆమె నోటుబుక్కు చూసిన తర్వాత ఒక రాత్రి కాదు, ఒక మ్యాచు కాదు, రెండు నెలలు ఊరుకున్నవాణ్ణి ఆమె ముందు కూర్చుని ఉన్నాను. క్షమించమ్మా అనే మాట గొంతు దాకా వచ్చింది. ఆ రోజు ఇద్దరు లెక్చరర్ల ముందు అన్న మాటకు ఈ రోజు ఎవరూ లేని గదిలో క్షమాపణ చెప్తే అది ఏం క్షమాపణ అనుకున్నాను. అది కూడా సాకే. నాకు ధైర్యం లేదు, అంతే.

ఎర్ర పెన్ను తీశాను. 0.2685 కింద గీత గీసి పక్కన సరైన అంకె రాశాను. అట్ట మీద యాభై కొట్టేసి నలభై ఎనిమిది వేసి, పక్కన సంతకం పెట్టాను. అమ్మాయి రికార్డు తీసుకుని, కొత్త అంకెను ఒకసారి చదువుకుంది.

"గిప్పుడు సరిగున్నది సార్" అని, మధ్యాహ్నం బస్సు అందుకోవాలని గబగబా మెట్లు దిగింది. వ్యాయామ విద్య సీటు ఆ ఏడు ఆమెకు రాలేదు.